అప్‌డేట్: బ్లాక్‌జాక్ ఆటలో సింగిల్ డెక్ 6:5 టేబులా, ఆరు డెక్‌ల 3:2 టేబులా?

నా ప్రశ్న: "లాస్ వేగాస్‌లో ఒక టేబుల్‌లో ఒకే డెక్, బ్లాక్‌జాక్‌కి 6:5. పక్కదాంట్లో ఆరు డెక్‌లు, 3:2. మిగతా రూల్స్ ఒకటే. బేసిక్ స్ట్రాటజీతో ఆడితే ఏది నయం?"

మీరు చెప్పినట్టే కాగితం మీద లెక్క వేశాను. ఆరు డెక్‌లదే నయం, అదీ బాగా తేడాతో.

ఒకే డెక్‌లో మొదటి రెండు ముక్కలకే బ్లాక్‌జాక్, అంటే ఏస్‌తో పాటు పది విలువున్న ముక్క, వచ్చే అవకాశం 4.83 శాతం. డీలర్‌కి కూడా వచ్చి టై అయ్యేవి తీసేస్తే దాదాపు 4.65. పది డాలర్ల పందెం మీద 3:2 అయితే 15 డాలర్లు వస్తాయి, 6:5 అయితే 12. అంటే ప్రతి బ్లాక్‌జాక్‌కి 3 డాలర్లు తక్కువ, వంద ఆటల్లో సగటున అదనంగా 14 డాలర్లు పోతాయి. పెట్టింది వెయ్యి కాబట్టి పందేల్లో క్యాసినోకి మిగిలే వాటా, అదే హౌస్ ఎడ్జ్, 1.4 శాతం పెరిగినట్టే.

ఒకే డెక్ వల్ల తిరిగొచ్చేది సుమారు అర శాతమే. అదైనా ఎలా వస్తుందో నాకు చాలా నచ్చింది. చేతిలో 5, 3 ఉండి డీలర్ 6 చూపిస్తే, ఆ మూడు చిన్న ముక్కలూ డెక్‌లోంచి పోయినట్టే. మిగిలినవాటిలో పదుల వాటా పెరుగుతుంది. అందుకే అక్కడ డబుల్ చేయాలి, అంటే పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్కే తీసుకోవాలి. ఆరు డెక్‌లలో మూడు ముక్కలు పోయినా పెద్ద తేడా ఉండదు, పందెం పెంచకుండా ముక్క తీసుకుంటే, అంటే హిట్ చేస్తే చాలు.

ఏ స్ట్రాటజీ చార్టూ 6:5 నష్టాన్ని పూడ్చలేదు, ఎందుకంటే బ్లాక్‌జాక్ వచ్చిన చేతిలో మనం తీసుకునే నిర్ణయమే ఉండదు. ఇప్పుడు డెక్‌ల సంఖ్య కన్నా ముందు టేబుల్ గుడ్డ మీద రాసిన చెల్లింపే చూస్తున్నాను.