‘భీమవరంలో బెస్ట్ ఏరియేటర్ రిపేర్’ అని ప్రతి రిప్లైలోనూ రాయాలా?

గట్టుమీద_వైండింగ్:
భీమవరంలో, చెరువు నీళ్లకి ఆక్సిజన్ అందించే ఏరియేటర్ల మోటార్ల వైండింగ్ షాపు అండి మాది. గూగుల్లో 60 దాకా రివ్యూలున్నాయి, ఒక్కదానికీ రిప్లై ఇవ్వలేదు. ప్రతి రిప్లైలో ‘భీమవరంలో బెస్ట్ ఏరియేటర్ మోటార్ రిపేర్’ అని పెడితే వెతికినప్పుడు పైకొస్తామని ఒకాయన చెప్పాడు. పెట్టాలా వద్దా? ఈ మూడు నక్షత్రాల రివ్యూకి ఏం రాయాలో కూడా చెప్పండి: `pani bagane chesaru kani 2 days late. aerator lekunda rendu ratrulu ibbandi paddam`

సెర్చ్_గోదారి:
పెట్టండి, ఆలోచించేదేముంది? పేజీలో ఉన్న ప్రతి అక్షరమూ గూగుల్ చదువుతుంది. భీమవరం ఒక్కటే కాకుండా చుట్టుపక్కల ఊళ్లు కాళ్ల, ఉండి, ఆకివీడు, వీరవాసరం వంతులవారీగా తిప్పండి. ఒక సాయంత్రం కూర్చుంటే అరవై అయిపోతాయి.

మ్యాపుల_మేస్త్రి:
చదువుతుందేమో గానీ, చదివినదానికల్లా మార్కులు వేస్తుందని కాదండి. లోకల్ ఫలితాలకు గూగుల్ తన సహాయ పేజీలో చెప్పిన లెక్కలు మూడు. వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. రివ్యూల సంఖ్య, రేటింగు ఈ మూడోదాంట్లోకి వస్తాయి. ఓనరు తన రిప్లైలో రాసుకున్న మాటల ఊసు అక్కడ లేదు. ఆకివీడులో నిలబడి వెతికే రైతుకి మీ షాపు ఎంత దూరమో అంత దూరమే. రిప్లైలో ఆకివీడు అని పదిసార్లు రాసినా గజం తగ్గదు.

కస్టమరు రాసిన మాట సంగతి వేరు. `aerator repair` అని కొడితే కొన్నిసార్లు షాపు పేరు కింద రివ్యూలోంచి ఒక వాక్యం కనబడుతుంది, అందులో వెతికిన మాట బొద్దుగా ఉంటుంది. ఆ వాక్యం కస్టమరుది. అందుకే మోటారు అప్పగించేటప్పుడు ‘ఏ పని చేయించుకున్నారో మీ మాటల్లో రెండు ముక్కలు రాయండి’ అని అడగడం రిప్లైలో కీవర్డ్ కూరడం కన్నా మేలు. ఇలాగే రాయమని వాక్యం మాత్రం అందించకండి. రివ్యూ రాస్తే రేటు తగ్గిస్తామని అసలే అనకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఇక ఆ మూడు నక్షత్రాలు. మీకు చెప్పినాయన లెక్కన రాస్తే ఇలా ఉంటుంది:

‘మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. భీమవరంలో బెస్ట్ ఏరియేటర్ మోటార్ రిపేర్ కోసం మమ్మల్ని సంప్రదించండి.’

రెండు రాత్రులు నిద్ర లేనివాడికి సైన్‌బోర్డు చూపించినట్టుంటుంది. ఆలస్యం ఎందుకైందో చెప్పండి చాలు, పని పేరు దానంతటదే వస్తుంది:

‘నమస్కారం అండి. రెండు రాత్రులు ఏరియేటర్ లేకుండా ఇబ్బంది పెట్టాం. ఏ రోజు ఇస్తామో ముందే చెప్పకపోవడం మా తప్పు. కాలిపోయిన కాయిల్ తీసి రీవైండింగ్ చేశాక వార్నిష్ పూర్తిగా ఆరాలి. పచ్చిగా ఉండగా బిగిస్తే చెరువు మీది చెమ్మకి మళ్లీ షార్ట్ అవుతుంది. ఇకమీదట భీమవరం షాపులో మోటారు దించుకున్నప్పుడే, ఏ రోజు ఇస్తామో చీటీ మీద రాసిస్తాం.’

ఇందులో ఏరియేటర్, రీవైండింగ్, మోటారు, భీమవరం అన్నీ ఒక్కోసారి వచ్చాయి, ఏదీ అతికించినట్టు లేదు. క్షమాపణ మొదట్లోనే ఉంచండి. ఫోనులో పొడుగు రిప్లై సగంలో తెగిపోతుంది, మిగతాది నొక్కితేనే కనబడుతుంది. రాసేముందు బిల్లు చూడండి. ఆయనకి చేసింది బేరింగ్, ఆయిల్ సీల్ మార్పే అయితే ఈ వార్నిష్ కథ అబద్ధమవుతుంది. మీ రిప్లై పబ్లిష్ అయ్యాక ఆయనకి నోటిఫికేషన్ పోతుంది, రివ్యూ మార్చుకునే వీలూ ఉంటుంది. మూడు నక్షత్రాలు కాస్తా నాలుగు కావచ్చు, ఒకటీ కావచ్చు.

పాలకొల్లు_పళ్లు:
మాది పళ్ల క్లినిక్. ‘పాలకొల్లులో రూట్ కెనాల్ చేయించుకున్నందుకు ధన్యవాదాలు’ అని అందరికీ అదే పెడుతున్నాం. మాకు పనికొస్తుందా?

మ్యాపుల_మేస్త్రి:
మీ సంగతి వేరండి, ముందు అవి తీయండి. పేషెంటు ‘నొప్పి తగ్గింది’ అని మాత్రమే రాస్తే, ఆయనకి ఏ చికిత్స జరిగిందో మీరు ఊరంతటికీ చెప్పినట్టు. ఆయనే రూట్ కెనాల్ అని రాసినా మీరు ఖాయం చేయకండి. ప్రొఫైల్‌లో మీ రిప్లై పక్కనే ఎడిట్ ఉంటుంది.

కాళ్ల_రొయ్య:
షాపు వెతికేవాడి వైపు నుంచి చెబుతా. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ ఆగితే ‘బెస్ట్’ అన్న మాట ఎవడికి కావాలి? రాత్రి ఫోను ఎత్తుతారా, మోటారు బాగయ్యేదాకా అద్దెకి ఇంకోటి ఇస్తారా అన్నదే చూస్తాం. ఆ రెండూ మీ దగ్గర నిజంగా ఉంటే రిప్లైలో రాయండి. అరవై చోట్ల ఒకే వాక్యం కనబడితే రివ్యూలే దొంగవేమో అనిపిస్తుంది.

సెర్చ్_గోదారి:
ఒకే వాక్యం వద్దన్నది ఒప్పుకుంటా. ఊరి పేరు మాత్రం వదలను. ‘ఉండిలోని మీ చెరువు దగ్గరికి వచ్చి బిగించాం’ అంటే ఉండి రైతుకి మీరు అక్కడికి వస్తారని తెలుస్తుంది. ర్యాంకు పెరగకపోయినా ఫోను మోగుతుంది కదా.

మ్యాపుల_మేస్త్రి:
ఈ మాట బాగుంది. చిక్కల్లా ఆ ఊరు కస్టమరు చెప్పాడా, మీ బిల్లులోంచి వచ్చిందా అన్నదే. ఏదో మారుపేరుతో రాసినవాడి చెరువు ఫలానా ఊళ్లో ఉందని మీరు బయటపెట్టకూడదు. ఆయన రాస్తేనే ఎత్తండి. రాయకపోతే ‘మా మెకానిక్ ఉండి, కాళ్ల వైపు కూడా వస్తాడు’ అని మీ గురించి మీరు చెప్పుకోండి. అదీ ఒకటీ అరా రిప్లైలలోనే.

సెర్చ్_గోదారి:
ఊరి పేరులో రహస్యమేముందండీ? మండలం అంతా తెలిసిన సంగతే.

కాళ్ల_రొయ్య:
ఎవరి చెరువులో మోటారు కాలిందో మేత అరువిచ్చినవాడు కూడా చదువుతాడు మరి.

గట్టుమీద_వైండింగ్:
సరేనండి, మూడు నక్షత్రాలకి మేస్త్రిగారు చెప్పినట్టే పెడతా. బిల్లు చూశాను, అది రీవైండింగే. మిగతావాటన్నిటికీ ఇప్పుడు రిప్లైలు ఇవ్వాలా? ఇంకోటి, రివ్యూలు ఎక్కువ ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉన్నాయి. మనం ఏ లిపిలో రాయాలి?

మ్యాపుల_మేస్త్రి:
నక్షత్రాలు మాత్రమే ఇచ్చి మాట రాయనివాళ్లకి ‘ధన్యవాదాలండి’ చాలు. మూడు, అంతకన్నా తక్కువవి ముందు పూర్తిచేయండి. ఏళ్లనాటి వాటిలో ప్రశ్నో ఫిర్యాదో ఉన్నవాటికే ఇవ్వండి, మిగతావి అలా ఉంచినా నష్టం లేదు. ఇకమీదట వచ్చేవాటికి రెండు మూడు రోజుల్లోపు ఇస్తే చాలు. లిపి అంటారా, కస్టమరు రాసిన పద్ధతిలోనే నేనైతే రాస్తాను, ఆయన చదవగలిగేది అదే కాబట్టి.

సెర్చ్_గోదారి:
నేనైతే తెలుగులో రాసి, ఊరూ సర్వీసూ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెడతా. వెతికేవాళ్లు `aerator motor winding bhimavaram` అనే కొడతారు.

కాళ్ల_రొయ్య:
మేం అసలు కొట్టం, మైకు నొక్కి మాట్లాడతాం.