అప్‌డేట్: చందా రద్దు చేశాక పడిన ఛార్జీ వెనక్కి వచ్చింది

నా ప్రశ్న: చందా రద్దు చేసినా కార్డు నుంచి మళ్లీ సొమ్ము తీసుకున్నారు. ఎలా రాబట్టాలి?

సొమ్ము వచ్చేసింది, అందరికీ కృతజ్ఞతలు. ముందు కంపెనీకే ఈమెయిల్ రాయమన్న సలహా ఫలించింది. వాపసు ఇవ్వబోమన్న వాళ్ల జవాబే బ్యాంకు దగ్గర నాకు సాక్ష్యమైంది, పాపం! ఫిర్యాదులో ‘మోసం’ అని కాకుండా ‘రద్దు చేసిన చందాకు వసూలు’ అన్న కారణం ఎంచుకున్నాను. మోసమని రాస్తే, నేను ఇదివరకు చేసిన చెల్లింపులు చూపించి కంపెనీ దాన్ని కొట్టిపారేయవచ్చు. రద్దును ధ్రువీకరించిన ఈమెయిల్, అంతకంటే తర్వాతి తేదీతో స్టేట్‌మెంట్‌లో ఉన్న పద్దు జతచేశాను. ఫోన్ సంభాషణల వివరాలు ఎవరూ అడగలేదు. బ్యాంకు మొదట తాత్కాలికంగా జమ చేసింది. కంపెనీ గడువులోగా అభ్యంతరం చెప్పకపోవడంతో అది ఖాయమైంది. కార్డు మార్చాల్సిన అవసరం రాలేదు. మార్చినా, కొన్నిసార్లు కొత్త నంబరు కూడా కార్డు నెట్‌వర్క్ ద్వారా కంపెనీకి చేరుతుందట.