లుంబిని శాసనంలోని ‘అఠభాగియే’ ఎనిమిదో పాలేనా?

తుంగభద్ర: అశోకుడు పట్టాభిషిక్తుడైన ఇరవై ఏళ్లకు లుంబినికి స్వయంగా వచ్చి నిలిపిన స్తంభశాసనం చివరి మాటలు ‘లుంమినిగామే ఉబలికే కటే అఠభాగియే చ’ అని ఉన్నాయి. బుద్ధుడు పుట్టిన చోటు కాబట్టి ఆ గ్రామానికి బలి అనే పన్ను తీసేశారన్నంత వరకు నాకు అర్థమైంది. ‘అఠభాగియే’ అంటే పంటలో ఎనిమిదో పాలు ఇచ్చేది అని కొందరు, మరొకటని కొందరు రాస్తున్నారు. పంటలో పాలుగా ఉన్న శిస్తు నాణేల్లోకి ఎలా మారిందో చెప్పే వ్యాసం రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. పెద్దలు వివరించగలరు.

చరిత్రాభిమాని: ఇందులో సందేహమేముందండీ? రాజుకు రావలసింది ఆరో పాలు, అందుకే రాజును షడ్భాగి అన్నారు. లుంబినికి దాన్ని ఎనిమిదో పాలుకు తగ్గించారు. ఆ తరువాత నాణేలు వచ్చాయి, ధాన్యం వసూలు ఆగిపోయింది.

తాళపత్రం: ఇది మన దానశాసనాల్లో కనిపించే ‘అష్టభోగ తేజస్స్వామ్య’మే అయి ఉంటుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన ఎనిమిది హక్కులతో ఊరిని ధారపోశారన్నమాట.

శాసనపాఠకుడు: తాళపత్రం గారూ, అష్టభోగాలు దానం పుచ్చుకున్నవారికి భూమి మీద దక్కే హక్కులు, ఆ మాట వాడుకలోకి వచ్చింది లుంబిని శాసనానికి ఎన్నో శతాబ్దాల తరువాత. ఇక్కడ అశోకుడు గ్రామాన్ని ఎవరికీ ధారపోయలేదు, ఆ ఊరివాళ్ల పన్ను సంగతి మాత్రమే చెప్పాడు.

చరిత్రాభిమాని గారి మాటలో సగం నిలుస్తుంది. ఎనిమిదో పాలు అన్న అర్థాన్ని చాలామంది ఒప్పుకున్నారు, కాని ఆరు నుంచి ఎనిమిదికి తగ్గించామని శాసనంలో లేదు. ఆరో పాలు అన్నది ఇతర గ్రంథాల నుంచి మనం తెచ్చి ఇక్కడ పెట్టుకున్న లెక్క. మనుస్మృతి ఏడో అధ్యాయమైతే ధాన్యంలో ఎనిమిదో పాలు గాని, ఆరో పాలు గాని, పన్నెండో పాలు గాని రాజు తీసుకోవచ్చునని మూడింటినీ ఒకే వరుసలో చెబుతుంది. దాన్నిబట్టి చూస్తే ఎనిమిదో పాలు ప్రత్యేకమైన రాయితీ కాక మామూలు రేటే కావచ్చు, అసలు రాయితీ బలిని ఎత్తివేయడమే కావచ్చు.

అసలు చిక్కు లిపిలో ఉంది. ఆ కాలపు బ్రాహ్మిలో ద్విత్వాన్ని రాయరు, పైగా తూర్పు ప్రాకృతంలో ‘అష్ట’, ‘అర్థ’ రెండూ ‘అఠ’గానే కనిపిస్తాయి. కాల్సీలో చెక్కించిన అశోకుడి పదమూడో శాసనంలో కళింగ యుద్ధపు ఏడాదిని చెప్పే ‘అఠ’ ఎనిమిది. ధౌలిలోని ఆయన శాసనంలోనే ‘ఏతాయే అఠాయే’ అన్నప్పుడు అదే ‘అఠ’ అర్థం, అంటే ‘ఈ ప్రయోజనం కోసం’ అని. అందువల్ల బ్యూలర్ వంటివారు లుంబినిలోని మాటను ‘అర్థభాగి’గా, రాజు ఇచ్చిన లాభంలో పాలుపొందేదిగా చదివారు. నాకు ఎనిమిదో పాలే సబబనిపిస్తుంది, ఎందుకంటే పక్కనే ఉన్న ‘ఉబలికే’ కూడా పన్ను మాటే.

పాలికాపు మనవడు: నా సంగతి చెప్పవచ్చునో లేదో గాని, మా తాతగారు కౌలు చేసేటప్పుడు కళ్లంలో రాశి పోసి కోరు పంచుకునేవారు. గింజ ఎంత పండితే అంతలో సగం ఆసామిది. మా నాన్నగారి హయాంలో అది ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా అయింది. ఇప్పుడు నేను దుక్కికి ముందే డబ్బు కట్టి పొలంలో దిగుతున్నాను. తుఫాను వచ్చిన ఏడాది తాతగారికి సగం నష్టం, నాకు మొత్తం నష్టం. రాజుల పన్ను కూడా ఇలాగే మారిందా?

శాసనపాఠకుడు: కౌలు వేరు, శిస్తు వేరు. అయినా మీరు చెప్పిన మూడు మెట్లు శాసనాల్లోనూ ఉన్నాయి, తుంగభద్ర గారి వ్యాసానికి కావలసింది మధ్య మెట్టే. పాలు నుంచి నాణేనికి ఒక్క గంతులో వెళ్లినట్టు రాయడం మామూలైపోయింది గాని, ముందుగా మారింది చెల్లించే వస్తువు కాదు, చెల్లింపు లెక్క. అర్థశాస్త్రంలో గ్రామసీమల రాబడిని చెప్పేచోటనే షడ్భాగం పక్కన పిండకరం, అంటే ఊరంతటి మీద మొత్తంగా కట్టిన పన్ను కూడా ఉంది.

తంజావూరు పెద్దగుడి గోడల మీద మొదటి రాజరాజు ఇచ్చిన గ్రామాల జాబితా చూడండి. ఊరి మొత్తం విస్తీర్ణం చెప్పి, అందులోంచి ఇళ్ల స్థలం, కాలువలు, శ్మశానం వంటి పన్ను లేని నేలను తీసివేసి, మిగిలిన నేలకు ఏటా కొలవవలసిన వడ్లను ఆడవల్లాన్ అనే కుంచంతో ఇన్ని కలాలని నిర్ణయించారు. చాలా ఊళ్లకు వేలి అనే నేల కొలతకు సుమారు 100 కలాలు పడింది. కొన్ని ఊళ్లకు మాత్రం బంగారంలో నిర్ణయించారు. వడ్లైనా బంగారమైనా అంకె ముందే స్థిరపడింది కాబట్టి, ఆ ఏడు కళ్లంలో ఎంత రాశి పడిందన్న ప్రశ్నే లేదు. తెలుగు, కన్నడ శాసనాల్లోని సిద్ధాయం కూడా ఇలా ముందే కట్టిన మొత్తమే, చాలాచోట్ల గద్యాణాలు, మాడలు అనే నాణేల్లో కనిపిస్తుంది.

లెక్క తేలిక కోసం అంకెలు ఊహించుకుందాం. ఒక కాపుకు మంచి ఏడాది 24 పుట్లు, చెడ్డ ఏడాది 12 పుట్లు పండుతాయి. ఎనిమిదో పాలైతే ఒకసారి మూడు పుట్లు, ఇంకోసారి పుట్టిన్నర ఇస్తాడు. మూడు పుట్లని స్థిరం చేస్తే చెడ్డ ఏడాది నాలుగో వంతు పోతుంది. దాన్ని పుట్టికి రెండు మాడల చొప్పున ఆరు మాడలుగా మార్చారనుకుంటే, చెడ్డ ఏడాది ధర పెరిగి కొంత ఊరట దక్కవచ్చు. అయితే బాగా పండిన ఏడాది అందరూ గడువు లోపల నాణేల కోసం ఒకేసారి అమ్మబోగా ధర ఒకటిన్నరకు దిగితే, ఆరు మాడలకు నాలుగు పుట్లు అమ్మాలి. పాత పద్ధతిలో మూడే ఇచ్చేవాడు.

తుంగభద్ర: స్థిరం చేస్తే లాభమని రాజుకు ఎందుకు తోచిందండీ? పాలు తీసుకుంటే పంట పెరిగినప్పుడు ఆయన వాటా కూడా పెరుగుతుంది కదా.

శాసనపాఠకుడు: పెరుగుతుంది, కాని ప్రతి కళ్లం దగ్గరా ఒక మనిషిని కాపలా పెట్టాలి, రాత్రి రాశి తరిగితే కనిపెట్టాలి, కొలిచేవాడు కాపుతో కుమ్మక్కు కాకుండా చూడాలి. ఆ తరువాత బండ్లు కట్టి మోయించాలి, కొట్టులో పురుగు పట్టకుండా కాపాడాలి. కోష్ఠాగారాధ్యక్షుడు సగం ధాన్యాన్ని ఆపత్కాలం కోసం ఉంచాలనీ, కొత్త ధాన్యం వచ్చినప్పుడల్లా పాతదాన్ని మార్చాలనీ అర్థశాస్త్రం చెప్పడం ఆ బెడద వల్లనే. దూరపు ఊళ్ల నుంచి నాణేలు తేలికగా వస్తాయి, జీతాలకూ పనికొస్తాయి. కాని అందుకు ముందు ఆ ఊళ్లో సంత ఉండాలి, కాపు చేతిలో నాణెం ఆడాలి.

చరిత్రాభిమాని: అంటే నాణేలు వచ్చాక ధాన్యం వసూలు ఆగిపోయిందన్న నా మాట సరే కదా?

శాసనపాఠకుడు: ఆగలేదండీ. బెంగాలు ప్రాంతంలోని మహాస్థాన్ శాసనం మౌర్యుల నాటిది. కరవు తీరాక కొట్టును ధాన్యంతో, ఖజానాను గండక, కాకణి నాణేలతో తిరిగి నింపాలని దానిలోనే ఉంది. వలభి మైత్రకుల దానశాసనాల్లో ‘సధాన్యహిరణ్యాదేయ’ అని ధాన్యమూ నగదూ ఒకే సమాసంలో ఇమిడిపోయాయి. అలాగని నాణేలు వచ్చినచోట వెనక్కి పోలేదనీ అనలేం. అల్లావుద్దీన్ ఖిల్జీ ఢిల్లీ కొట్లు నింపడానికి గంగా యమునల నడుమ ఉన్న దోఆబ్‌లో శిస్తును పనిగట్టుకొని ధాన్యంగానే వసూలు చేయించాడు.

తాళపత్రం: ఎనిమిదో పాలుకు నేనూ ఒప్పుకుంటున్నాను గాని, ఒక్క అనుమానం మిగిలింది. ‘చ’ అని విడిగా కలిపాడు కదా. బలి తీసేసి దానికి తోడు ఎనిమిదో పాలు కూడా వదిలేశాడని చదవకూడదా?

శాసనపాఠకుడు: వ్యాకరణం అడ్డు చెప్పదు. ‘అఠభాగియే’ అంటే ఎనిమిదో పాలు గలది అనే గాని, ఆ పాలు ఇచ్చేదో పుచ్చుకునేదో ప్రత్యయం తేల్చదు. ఊరు ఇచ్చేదని నేను అనుకుంటున్నాను. ఊరికి దక్కేదని చదివేవారి మాటను ఈ ఒక్క వాక్యంతో కొట్టివేయలేను.

తుంగభద్ర: అయితే వ్యాసంలో రెండు పాఠాలూ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిదికి తగ్గించారన్న వాక్యాన్ని తీసివేస్తాను. తంజావూరు కలాల లెక్కను నాణేల భాగానికి ముందు పెడతాను. పాలికాపు మనవడు గారూ, మీ ప్రాంతంలో కోరు పోయి మక్తా ఎప్పుడు వచ్చిందో పెద్దవాళ్లను అడిగి చెప్పగలరా?

పాలికాపు మనవడు: నాన్నగారిని అడుగుతానండీ. మా పక్క ఊళ్లో మాత్రం మినుముకు ఇప్పటికీ కోరే నడుస్తోంది, వరికే మక్తా.