మామిడి తోటల మధ్య రెండెకరాలు, తేనె పెట్టెలు పెట్టొచ్చా?

పాకాల_రోడ్డు:
మాది పాకాల దగ్గర పల్లె. నేను తిరుపతిలో ఉద్యోగం, ఆదివారం మాత్రమే ఊరికి పోతాను. పొలం గట్టు మీద కానుగ చెట్లున్నాయి, నాలుగు చింతలు ఉన్నాయి. చుట్టూ అంతా మామిడే. పది పెట్టెలు పెడదామని ఉంది. ఎంత అవుతుంది, ఎప్పుడు మొదలుపెట్టాలి, తేనె ఎట్లా అమ్మాలి? ఇంకోటి, నాన్నకి 68 ఏళ్ళు, బీపీ ఉంది. ఆయన పొలంలోనే ఉంటారు. ఈగలు కుడితే ఏంటన్న టెన్షన్ కూడా ఉంది.

చిత్తూరు_చిన్నోడు:
చుట్టూ మామిడి ఉంటే ఇంకేం బ్రదర్, లాటరీ తగిలినట్టే. డిసెంబర్‌లో పూత మొదలవుతుంది, అప్పుడు పెట్టెలు దించు. సంక్రాంతి దాటేసరికి ఫ్రేములు నిండిపోతాయి. పది కాదు, ఇరవై పెట్టు.

తొర్ర_తేనె:
చిన్నోడా, నువ్వు పెట్టె మూత ఎప్పుడైనా తెరిచావా? మామిడి పూతకి తేనెటీగలు పోతాయి, నిజమే. కానీ దాంట్లో తేనె తక్కువ. ఆ పూత మీద ఎక్కువగా తిరిగేవి మామూలు ఈగలు. నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. మన వైపు ఫ్రేము బరువెక్కేది వేప పూసినప్పటి నుంచి. తర్వాత కానుగ, ఆ వెనక చింత. అంటే మార్చి నుంచి జూన్ దాకా. పాకాల అన్నా, నీకు పంట ఇచ్చేది గట్టు మీద కానుగ, మామిడి కాదు.

పది వద్దు, రెండుతో మొదలుపెట్టు. అవి కూడా మన తొర్ర ఈగలే. ఇటాలియన్ ఈగలు తేనె ఎక్కువిస్తాయి, కానీ పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు లారీలో మోసుకుపోవాలి. ఆదివారం రైతుకి కుదరని పని. నాకు నిరుడు ఈగలతో సహా ఒక్కో పెట్టె నాలుగున్నర వేలు పడింది. ముసుగు, పొగ డబ్బా, చేతితో తిప్పే తేనె డ్రమ్ము కలిపి ఇంకో ఆరు వేలు. బాగున్న ఏడాది పెట్టెకి ఐదారు కిలోలు తీశాను. లెక్క నువ్వే వేసుకో, మొదటి ఏడాది పెట్టుబడి రాదు.

పెట్టెలు_పోయినోడు:
డిసెంబర్‌లో దించమని చెప్పేవాళ్ళ మాట వినే నేను మునిగాను. ఆరు పెట్టెలు పెట్టాను, జనవరిలో ఐదు పోయాయి. ఆ రోజు పొద్దున పోయి చూస్తే పెట్టె ముందర గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా చచ్చిన ఈగలు. నాలుకలు బయటికి చాచి ఉన్నాయి. కొన్ని ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. ముందు జబ్బు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ముందు రోజు పక్క తోటలో పూత మీద మందు కొట్టారు. ఒక్క మాట చెప్పలేదు.

బంగారుపాళ్యం_తోట:
ఎవరికి చెప్పాలి? నీ ఈగలు నా తోటలోకి వస్తున్నాయని నాకు తెలుసా? పూత మీద తేనెమంచు పురుగు పడితే రసం పీల్చేస్తుంది, ఆకులు బంకబంకగా అయి మసి పడుతుంది, పూత రాలిపోతుంది. ఏడాది మొత్తం చూసుకునేది ఆ ఒక్క కాపు కోసమే. నీ ఐదు కిలోల తేనె కోసం నా ఎనిమిదెకరాలు వదులుకోమంటావా?

పెట్టెలు_పోయినోడు:
వదులుకోమని ఎవరన్నారు సామీ? పట్టపగలు, పూత విచ్చుకున్నాక కొట్టడం ఎందుకు అంటున్నాను.

బంగారుపాళ్యం_తోట:
కూలీలు పగలే వస్తారు. రాత్రి నువ్వొచ్చి పైపు పట్టుకుంటావా?

కోనేటి_కట్ట:
మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు పెట్టింది. దాన్ని ఈ పెట్టెలోకి ఎక్కించొచ్చా? తిరుపతిలో ఎవరైనా వచ్చి చేస్తారా?

తొర్ర_తేనె:
కోనేటి గారూ, అది కొండ తేనెటీగ. పెట్టెలో ఉండదు, బయటే ఒకే పట్టు కడుతుంది. నిప్పు పెట్టొద్దు, రాళ్ళు వేయొద్దు. వెంటబడితే దూరం దాకా తరుముతాయి. పూత కాలం అయిపోతే అవే లేచిపోతాయి. ఆగలేకపోతే అనుభవం ఉన్నవాళ్ళని పిలిపించండి.

తోటాయన, పెట్టెలాయన ఇద్దరూ ఒకటి వినండి. పురుగు కోసం కొట్టాల్సింది పూగెల వస్తున్నప్పుడు, పువ్వు విచ్చకముందు. అప్పుడైతే పురుగూ చస్తుంది, ఈగలకీ ప్రమాదం తగ్గుతుంది. విచ్చుకున్నాక కొడితే తేనెటీగలతో పాటు ఆ మామూలు ఈగలూ పోతాయి, పిందె కట్టేది వాటి వల్లే. నష్టం తోటకి కూడా. ఇక మందు నుంచి కాపాడడానికి పెట్టె ద్వారానికి రాత్రి తడి గోనె కప్పితే చాలని చాలామంది అనుకుంటారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు చెట్టు రసంలోకి పోతుంది, పూతలో రోజుల తరబడి ఉంటుంది. ఒక్క రాత్రి మూస్తే ఏం లాభం? నేను పూత విచ్చకముందే చీకటి పడ్డాక ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం మూసి, మూడు కిలోమీటర్ల అవతల కొండ పక్కన పెడతాను. అరకిలోమీటరు జరిపితే మేతకి పోయిన ఈగలు పాత చోటికే తిరిగొచ్చి చస్తాయి. వేప పూసేటప్పటికి మళ్ళీ తెస్తాను.

చిత్తూరు_చిన్నోడు:
సర్లే అన్నా, నాది మా మామ చెప్పిన లెక్క. కానీ మామిడి తేనె అని బాటిల్ మీద రాసి అమ్మేవాళ్ళు ఉన్నారు కదా?

పుత్తూరు_పద్మక్క:
రాసేదానికేముంది నాయనా. నేను నాలుగేళ్ళుగా అమ్ముతున్నాను. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కి నేను కట్టింది ఏడాదికి వంద రూపాయల ఫీజు, అది పెద్ద విషయం కాదు. తలనొప్పంతా చలికాలంలోనే. తేనె గడ్డకడితే "పాకం పోశావు" అని ఫోన్లు. గడ్డకట్టడం తేనె గుణం, సీసాని గోరువెచ్చని నీళ్ళలో పెడితే కరుగుతుందని చెప్పీ చెప్పీ నోరు నొప్పి. ఒకసారి నిజంగా నా తప్పే. వాన ముసురులో మూత వేయని గదుల తేనె తొందరపడి తీశాను. నెల తిరక్కముందే పులిసి నురగ వచ్చింది, ఒకరింట్లో మూత ఎగిరిపోయింది. డబ్బు వెనక్కి ఇచ్చాను. ఫ్రేములో ముప్పావు భాగం ఈగలు మైనంతో మూసేదాకా ఇప్పుడు ముట్టను. పాకాల తమ్ముడూ, తెలిసినవాళ్ళకి అమ్ముకుంటే కిలో ఐదొందలు, షాపుకేస్తే అందులో సగం.

చిత్తూరు_చిన్నోడు:
కుట్టినదానికి సున్నం రాస్తే అయిపోతుంది, దానికి టెన్షన్ ఎందుకు?

రుయా_రోడ్డు_నర్సు:
సున్నం రాస్తూ కూర్చుంటే ముల్లు లోపల విషం దింపుతూనే ఉంటుంది. ముందు ముల్లు తీయాలి, గోరుతో గీకినా సరే, ఎంత త్వరగా అన్నదే ముఖ్యం. తర్వాత అక్కడి నుంచి దూరంగా జరగాలి, కుట్టినచోటి వాసనకి మిగతా ఈగలు వస్తాయి. కుట్టినచోట వాపు మామూలే. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం ఉంటే ఒక్క ఈగే కుట్టినా 108కి ఫోన్ చేయాల్సిందే. పాకాల గారూ, మీ నాన్నగారు ఏ బీపీ మాత్ర వేసుకుంటున్నారో డాక్టర్‌కి చూపించండి. కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి అలాంటి రియాక్షన్ వస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ సరిగా పట్టకపోవచ్చు. అది తేలేదాకా పెట్టెలు ఆయన తిరిగే దారిలో పెట్టకండి.

పాకాల_రోడ్డు:
మాత్ర పేరు అటెనలాల్. రేపే అడుగుతాను. పెట్టెలు రెండే, ఫిబ్రవరి చివర్లో తెస్తాను. కానీ వాన కాలంలో మేత లేనప్పుడు ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

తొర్ర_తేనె:
పంచదార, నీళ్ళు సమంగా కలిపి సాయంత్రం పూట లోపల పెట్టు. బయట ఒలికిందా, చీమలకి పండగ. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు మర్చిపోవద్దు.

బంగారుపాళ్యం_తోట:
మా పక్క కొట్టేముందు రోజు గ్రూపులో మెసేజ్ పెట్టమంటే పెడతాను. మందు మాత్రం ఆపను.

పెట్టెలు_పోయినోడు:
ఒక్క రోజు ముందు చెప్తే మూడు కిలోమీటర్లు ఎట్లా మోయాలి? వారం ముందు చెప్పు.

బంగారుపాళ్యం_తోట:
పురుగు వారం ముందు చెప్పి వస్తుందా నాకు?