అప్‌డేట్: జంక్షన్‌లో కరెంట్ దిశ తెలియనప్పుడు సమీకరణం

నా ప్రశ్న: "తీగలో కరెంట్ ఎటు పోతుందో తెలియకుండా జంక్షన్ దగ్గర సమీకరణం ఎలా రాయాలి?"

లెక్క తేలింది, అందరికీ కృతజ్ఞతలు. "ఏదో ఒక దిశలో బాణం గీసి, చివరిదాకా మార్చకు" అన్న సలహాయే పనిచేసింది.

జంక్షన్ A లోకి 5 ఆంపియర్లు వస్తున్నాయి. 2, 4 బయటికి పోతున్నాయి. A నుంచి B కి వెళ్లే తీగలో `I` కూడా A నుంచి బయటికే అనుకున్నాను.

`5 = 2 + 4 + I`, కాబట్టి `I = -1`.

అంటే ఆ తీగలో 1 ఆంపియర్ నిజానికి B నుంచి A కి వస్తోంది. రుణ గుర్తు తప్పు కాదు, అదే జవాబు!

నేను పొరబడింది B దగ్గర. అక్కడ 3 ఆంపియర్లు లోపలికి వస్తాయి, `x` బయటికి పోతుంది. A నుంచి బయటికి గీసిన బాణం B లోకే చేరాలి కదా. నేను అక్కడా బయటికే గీసి `3 = I + x` అని రాశాను, `x = 4` వచ్చింది. సరైనది `I + 3 = x`, అంటే `x = 2`.

బ్యాటరీ ధ్రువాల గురించి అడిగాను గానీ, ఈ సమీకరణాలకు వాటితో పని పడలేదు.