బ్రంచ్, స్మాగ్, జిమ్, ఫ్లూ: మూలపదాలు పట్టుకోవడం ఎలా?

లత_టీచర్: ఏడో తరగతి వర్క్‌షీట్‌లో బ్రంచ్, స్మాగ్, ఇన్ఫో, జిమ్ కలిపి ఇచ్చారు. పిల్లలు అన్నిటినీ రెండు ముక్కలు చేసేసి, జిమ్‌లో రెండో పదం ఏదని అడుగుతున్నారు. ముందు దేన్ని చూడమనాలి?

కోస్తావాసి: సింపుల్ అండీ. మొదటి పదం తల, రెండో పదం తోక. బ్రేక్‌ఫాస్ట్ తల, లంచ్ తోక. మోడెమ్ కూడా అంతే.

పాత_నిఘంటువు: బ్రంచ్ వరకు సరే. మోడెమ్‌లో రెండూ తలలే: మాడ్యులేటర్, డీమాడ్యులేటర్. అందుకే ముక్కలు చేసేముందు అర్థం అడగాలి. స్మాగ్ అంటే పొగా, మంచూ కలిసింది. రెండు సంగతులున్నాయి గనక రెండు మూలాలు: స్మోక్, ఫాగ్. లండన్ గాలి గురించి 1905లో ఒక డాక్టరు వాడాక ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. జిమ్‌కీ జిమ్నేజియంకీ మాత్రం అర్థం ఒకటే. అది ఒట్టి కత్తిరింపు, రెండో పదం ఉండదు.

వ్యాకరణప్రియ: సంధి విడదీసినట్టే కదా ఇదీ?

పాత_నిఘంటువు: కాదండీ. సంధికి సూత్రం ఉంది, విడదీస్తే రెండు పదాలూ పూర్తిగా తిరిగొస్తాయి. స్మాగ్‌లో పోయిన అక్షరాలు ఏవో ఏ సూత్రమూ చెప్పదు. ఊహించి, నిఘంటువులో సరిచూసుకోవాల్సిందే.

లత_టీచర్: కత్తిరింపుల్లో ఎప్పుడూ ముందు భాగమే మిగులుతుందా?

పాత_నిఘంటువు: ఎక్కువగా అంతే, ఇన్ఫో, జిమ్, ల్యాబ్ లాగా. ఫోన్, బస్‌లలో చివర మిగిలింది: టెలిఫోన్, ఆమ్నిబస్. ఫ్లూలో నడుమ ముక్క: ఇన్‌ఫ్లుయెంజా.

కోస్తావాసి: ఫ్రిజ్ ఫ్రీజర్ లోంచేగా?

పాత_నిఘంటువు: రిఫ్రిజిరేటర్ లోంచి. స్పెల్లింగ్‌లో ఉన్న ‘డీ’ మూలంలో లేదు. నడుమ ముక్కను తెంపాక చివరి ‘జీ’ని ‘గ’ అని చదవకుండా, బ్రిడ్జ్ తరహాలో రాశారు. అక్షరాలు పట్టుకుని వెతికేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు.

రాత్రిపక్షి: మావాడు వ్లాగ్‌లు తీస్తాడు. వీడియో, లాగ్ కలిస్తే వ్లాగ్ అంటాడు. కరెక్టేనా?

పాత_నిఘంటువు: ఒక మెట్టు దాటేశాడు. వెబ్, లాగ్ అనే రెండు పూర్తి పదాలు పక్కపక్కన చేరి వెబ్‌లాగ్ అయ్యాయి. దాని ముందు భాగం తెగింది, కానీ అతుకు దగ్గర కాదు. వెబ్ చివరి ‘బీ’ లాగ్‌కి అంటుకుపోయి బ్లాగ్ అయింది. ఆ బ్లాగ్‌కి వీడియో తల చేరాక వ్లాగ్. చేర్పు, కత్తిరింపు, మళ్లీ కలయిక. ఒక్కో మెట్టు వెనక్కి దిగితేనే ఇది తెలుస్తుంది.

లత_టీచర్: వర్క్‌షీట్‌లో ఈమోజీకి ఎమోషన్ మూలమని ఉంది.

పాత_నిఘంటువు: తప్పు. అది జపనీస్ మాట: ‘ఎ’ అంటే బొమ్మ, ‘మోజి’ అంటే అక్షరం. ఎమోషన్‌తో పోలిక కాకతాళీయం. ఎమోటికాన్‌కైతే ఎమోషన్, ఐకాన్ సరైనవే.

కోస్తావాసి: మరి మోటెల్‌ని ఎక్కడ కోయాలి? మోటార్, హోటల్ రెండిట్లోనూ ‘ఓ-టీ’ ఉందిగా.

వ్యాకరణప్రియ: ‘మోట్’ మోటార్‌ది, ‘ఎల్’ హోటల్‌ది.

పాత_నిఘంటువు: నా లెక్కలో ‘ఓ-టీ’ ఇద్దరిదీ. ఒక్కచోటే కోయాలని పట్టుబడితే ఆ ప్రశ్నకి మార్కులు ఎలా వేస్తారో నాకూ అర్థం కాదు.