‘గ్యారంటీ’ అన్న మాట తీసేస్తే డీఎస్సీ కోచింగ్ యాడ్ సరిపోతుందా? ఎఫ్‌ఎం స్క్రిప్ట్ చూసి చెప్పండి

శ్రీను, గుంటూరు
బ్రాడీపేటలో ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్లో పనిచేస్తున్నా, అడ్మిషన్లూ ప్రచారమూ రెండూ నా నెత్తినే. ఎఫ్‌ఎంలో 30 సెకన్ల యాడ్ కావాలని మా సార్ ఇది రాసిచ్చారు:

“మెగా డీఎస్సీలో 62 ఉద్యోగాల ప్రభంజనం! జిల్లా ఫస్ట్ ర్యాంకు మాదే! చేరండి, టీచర్ ఉద్యోగం గ్యారంటీ! సీట్లు కొన్నే, త్వరపడండి!”

గ్యారంటీ అనకూడదని నాకూ తెలుసు. ఆ ఒక్క మాట తీసేసి మిగతాది పంపేయొచ్చా? 62 అబద్ధం కాదు, లిస్టు నా దగ్గరే ఉంది.

నాని
ఏం కాదు బ్రదర్, చివర్లో “షరతులు వర్తిస్తాయి” అని గబగబా చదివించేయ్. అందరూ చేసేది అదే.

విజయ, బెజవాడ
నాని గారూ, ఆ గబగబానే కుదరదు. 2022 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, గొంతుతో చెప్పిన గొప్పకి వివరణ కూడా అదే వేగంతో రావాలి. పైగా అసలు మాటే తప్పైతే చివర్లో తోక తగిలించి దాన్ని సరిచేయలేం. కోచింగ్ వాళ్లకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మంది కంటే ఎక్కువ విద్యార్థులుంటే మీరు దాని కిందకే వస్తారు.

శ్రీను గారూ, గ్యారంటీ మాట పక్కన పెట్టండి, అది తీసేయడం తేలికే. నాకు అనుమానంగా ఉన్నది ఆ 62. అందులో మీ క్లాసులు విన్నవాళ్లెంత మంది, టెస్టులే రాసినవాళ్లెంత మంది? ఫస్ట్ ర్యాంకు వచ్చినావిడ మీ దగ్గర ఏం చదివింది?

శ్రీను, గుంటూరు
క్లాసులకి ఫీజు కట్టి చేరింది 186 మంది, వాళ్లలో 31 ఉద్యోగాలు. టెస్ట్ సిరీస్ లిస్టులో 240 మంది, వాళ్లలో 22. ఉచిత మాక్ టెస్టు రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు 9 మంది. ఫస్ట్ ర్యాంకు టెస్ట్ సిరీస్ అమ్మాయిది, రెండు నెలలు రాసింది, అంతే.

విజయ, బెజవాడ
ఇదే చిక్కు. రేడియో వినే నాన్న గారికి “62 ఉద్యోగాలు” అంటే ఆ క్లాసుల్లో కూర్చున్న 62 మంది అనే అర్థమవుతుంది. సివిల్స్ ఫలితాల ప్రకటనల మీద జరిమానాలు పడింది కూడా ఇలాంటి దానికే. నెగ్గినవాళ్లలో ఎక్కువమంది ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమే తీసుకున్నారు, ప్రకటనలో ఆ సంగతి దాచారు.

ముందు ఒక పని చేయండి. మూడు లిస్టులూ పేర్లతో కాకుండా హాల్‌టికెట్ నంబర్లతో పోల్చండి. క్లాసుల వాళ్లే టెస్ట్ సిరీస్ కూడా కొనుక్కుని ఉంటారు, ఒకే మనిషి రెండు చోట్ల పడి ఉంటారు.

లక్ష్మి, తెనాలి
నా సంగతి వినండి. పేరెందుకులే గానీ, ఒక సెంటర్లో ఒకే ఒక్క మాక్ టెస్టు రాశాను. ఉద్యోగం వచ్చాక వాళ్ల ఫ్లెక్సీ మీద నా ఫొటో, కింద “మా విద్యార్థిని”. అడిగితే, పరీక్ష రాసేటప్పుడే సంతకం పెట్టారుగా అని కాగితం చూపించారు. అది చెల్లుతుందాండి?

విజయ, బెజవాడ
చెల్లదమ్మా. ఫొటో, పేరు వాడుకోవడానికి సంతకం ఎంపికయ్యాకే తీసుకోవాలి. చేరేటప్పుడు ఫారంలో కలిపి పెట్టించుకున్నది లెక్కలోకి రాదు. ఫ్లెక్సీని ఫొటో తీసి ఉంచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. శ్రీను గారూ, ఇది మీకూ వర్తిస్తుంది.

రమేష్
ఇంతకీ ఈ సెంటర్లో ఎస్జీటీ ఫీజు ఎంతండి? మా చెల్లిని చేర్పిద్దామని. హాస్టల్ కూడా ఉందా?

శ్రీను, గుంటూరు
రమేష్ గారూ, ఆ సంగతి ఇక్కడ వద్దులెండి, మళ్లీ ఇదే యాడ్ అయిపోతుంది.

విజయ గారూ, నంబర్లు పోల్చా. టెస్ట్ సిరీస్ 240లో 44 మంది మా క్లాసుల వాళ్లే. ఉద్యోగాలు వచ్చిన 22 మందిలో కూడా ముగ్గురు ఆ 31లో ఉన్నవాళ్లే. అంటే టెస్టులు మాత్రమే రాసింది 196 మంది, వాళ్లలో 19. మొత్తం 62 కాదు, 59. మా సార్ మొహం మాడిపోయింది. ఇంకో మాట, 186లో 23 మంది మధ్యలో మానేశారు కాబట్టి 163లో 31 అని వేయమంటున్నారు.

విజయ, బెజవాడ
నేనైతే 186 అనే వేస్తా. మానేసినవాళ్లూ ఫీజు కట్టే చేరారు, రేపు చేరబోయేవాడికి తెలియాల్సింది కూడా అదే. 163 అనే చెప్పాలనుకుంటే “చివరిదాకా ఉన్న 163 మందిలో” అని పూర్తిగా చెప్పాలి, ఉత్త 163 మాత్రం కాదు.

నాని
మేడమ్, ఎంతమందిలో ఎంతమంది అని చెప్పి తీరాలని రూల్ ఎక్కడుంది? నేను చదివినదాంట్లో లేదు. ఎంపికైనవాళ్ల పేరు, ర్యాంకు, ఏ కోర్సు, ఎన్నాళ్లు, ఫీజు కట్టారా లేదా, ఇవి చాలు.

విజయ, బెజవాడ
అది నిజమే, మొత్తం ఎంతమందో చెప్పి తీరాలని లేదు. కానీ “31 మంది” అని ఒక్క ముక్కే వింటే 40లో 31 అనుకునేవాడూ ఉంటాడు. రాష్ట్రమంతటా 16,347 పోస్టులకి 3 లక్షలమందికి పైగా పోటీపడ్డ పరీక్షలో 186లో 31 అంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయితే ఆ రెండింటినీ యాడ్‌లో పక్కపక్కన పెట్టి “మా దగ్గరైతే ఇన్ని రెట్లు ఛాన్సు” అనకండి. మీ 31 మందిలో ఇదివరకే ఒకసారి డీఎస్సీ రాసినవాళ్లు, వేరే చోట కూడా చదివినవాళ్లు ఉంటారు. ఆ ఫలితమంతా మీ క్లాసుల వల్లే అనడానికి లేదు.

30 సెకన్లలో తెలుగు 50, 60 మాటలకి మించి తాపీగా పలకలేం. నాకు తోచింది ఇది:

“గుంటూరు బ్రాడీపేటలో డీఎస్సీ క్లాసులు. 2025 మెగా డీఎస్సీకి మా క్లాసుల్లో ఫీజు కట్టి చేరినవాళ్లు 186 మంది. వాళ్లలో 31 మందికి టీచర్ ఉద్యోగం వచ్చింది. మా టెస్టులు మాత్రమే రాసిన 196 మందిలో 19 మందికి వచ్చింది. ఈసారి మీకు వస్తుందని మేం మాటివ్వలేం. వచ్చి ఒక రోజు క్లాసు ఉచితంగా వినండి, పాత విద్యార్థులను అడగండి, తర్వాతే ఫీజు కట్టండి.”

ఉచిత మాక్ వాళ్లు 9 మందినీ వదిలేశాను. ఫస్ట్ ర్యాంకు రేడియోలో వద్దు, అంత వివరణ పట్టదు. పోస్టర్ మీద వేసుకోండి. ఆ అమ్మాయి ఇప్పుడు సంతకం పెడితే ఫొటో, పేరు, ర్యాంకు వేసి, పక్కనే “టెస్ట్ సిరీస్ మాత్రమే, 2 నెలలు, ఫీజు కట్టి” అని. ర్యాంకు అంకె ఏ సైజులో ఉంటే ఆ మాటలూ అదే సైజులో. “సీట్లు కొన్నే” కూడా తీసేశా. హాల్లో నిజంగా 60 కుర్చీలే ఉంటే “బ్యాచ్‌కి 60 మంది” అని రాసుకోండి.

నాని
ఈ యాడ్ విని ఎవడు ఫోన్ చేస్తాడండి? పక్క సెంటర్ 300 అని అరుస్తుంటే!

లక్ష్మి, తెనాలి
నేను చేసేదాన్ని. ఆ 300లో నేనూ ఒకదాన్ని మరి.

శ్రీను, గుంటూరు
సార్‌కి చదివి వినిపించా. “మాటివ్వలేం” దగ్గర గట్టిగా పట్టుబట్టారు, తీసేయమంటారు. గ్యారంటీ అననప్పుడు ఇవ్వలేమని కూడా చెప్పాలా అని ఆయన ప్రశ్న. 186కి మాత్రం ఒప్పుకున్నారు.

విజయ, బెజవాడ
ఆ వాక్యం తప్పనిసరి కాదు, తీసేసినా తప్పు లేదు. కానీ రికార్డింగ్‌లో గొంతు ఇచ్చే అబ్బాయి 31 దగ్గర అరవకుండా చూసుకోండి. 186ని గొణిగి 31ని ఉరిమితే స్క్రిప్ట్ ఎంత శుభ్రంగా రాసుకున్నా పాత యాడే వినపడుతుంది.

శ్రీను, గుంటూరు
ఆ అబ్బాయి మా సార్ బావమరిదేనండి. చూడాలి.